ఉదయం ఏడింటికి కిల్న్ ఎవరి చేతిలో ఉంది: సిమెంట్ ప్లాంట్ షట్‌డౌన్‌లో పన్నెండు గంటల షిఫ్టుల అమరిక

మేళ్లచెరువు, తాండూరు, యర్రగుంట్ల వంటి సున్నపురాయి ప్రాంతాల్లో సిమెంట్ ప్లాంట్ షట్‌డౌన్ అంటే ఏమిటో చుట్టుపక్కల ఊళ్లవారికి కూడా తెలుసు. ఆ వారం రోజులూ లాడ్జీలు నిండిపోతాయి, మెస్సుల్లో రాత్రి పన్నెండింటికి కూడా పొయ్యి ఆరదు, వేర్వేరు రాష్ట్రాల నుంచి వచ్చిన బ్రిక్ మేస్త్రీలు, వెల్డర్లు, రిగ్గర్లు, ఖలాసీలు రెండు షిఫ్టుల్లో గేటు దాటుతుంటారు. లోపల ఆ జనాన్ని ఏ వరుసలో, ఏ పూట, ఏ చోట నిలబెట్టాలన్న ప్రశ్నకు ప్లానింగ్ విభాగం గోడ మీద ఒక పెద్ద బార్‌చార్ట్ అంటించి ఉంచుతుంది. ఆ చార్టులో ప్రతి పనికీ ఒక గీత ఉంటుంది గానీ, షిఫ్టు మారే గంటలో ఏం జరగాలో చాలా చార్టుల్లో కనిపించదు. షట్‌డౌన్ గంటలు ఎక్కువగా కరిగిపోయేది అక్కడే. అందువల్ల ఈ వ్యాసం సున్నపురాయి పొడిని కాల్చే తిరుగుడు కొలిమి అయిన కిల్న్ లోపలి ఇటుకల మార్పిడి అనే ఒక్క పనిని తీసుకుని, దాని చుట్టూ కాంట్రాక్టు గ్యాంగులను పన్నెండు గంటల షిఫ్టుల్లో ఎలా అమర్చాలో పరిశీలిస్తుంది.

ఉదాహరణకు 4.4 మీటర్ల వ్యాసం, 60 మీటర్ల పొడవు గల కిల్న్‌ను తీసుకుందాం. అందులో బర్నింగ్ జోన్‌లో 20 మీటర్ల మేర ఇటుక మార్చాలనుకుందాం. ఇటుక కిల్న్ పొడవు వెంట 20 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి 20 మీటర్లకు దాదాపు వంద రింగులు పడతాయి. ఒక్కో రింగుకు సుమారు 185 ఇటుకలు, ఒక్కో ఇటుక తొమ్మిది కిలోలకు పైనే. మొత్తం పద్దెనిమిది వేల ఐదు వందల ఇటుకలు, అంటే 170 టన్నులకు పైబడిన బరువు, బర్నర్ వైపున్న హుడ్ తలుపు గుండానే లోపలికి వెళ్లాలి. కిల్న్‌కు ఇటు హుడ్, అటు ప్రీహీటర్ కింది ఇన్‌లెట్ తప్ప వేరే దారి లేదు. ఇన్‌లెట్ వైపు నుంచి ఇంత బరువును తోలడం ఆచరణలో కుదరదు. ఇక్కడ పని వరుసను నిర్ణయించేది మనుషుల సంఖ్య కాదు, ఈ ఒక్క తలుపు.

కిల్న్ సోమవారం ఉదయం ఏడు గంటలకు ఆగిందనుకుంటే, చల్లబడటానికి సుమారు 36 గంటలు పడుతుంది. తొందరపడి గాలిని ఎక్కువగా లాగితే, మార్చనవసరం లేని మిగతా 40 మీటర్ల ఇటుక కూడా పగుళ్లు తీస్తుంది. అందుకని మొదటి మూడు షిఫ్టులూ, అంటే మంగళవారం రాత్రి ఏడు వరకు, లోపలికి ఎవరూ వెళ్లరు. వేడి ఉక్కు షెల్ ఒకే వైపు బరువుకు వంగిపోకుండా ఉండేందుకు, కిల్న్‌ను అతి నెమ్మదిగా తిప్పే బ్యారింగ్ డ్రైవ్‌తో దాన్ని నిర్ణీత వ్యవధుల్లో తిప్పుతూ ఉంటారు. ఆ తర్వాత మంగళవారం రాత్రి, బుధవారం పగలు, అంటే నాలుగు, ఐదు షిఫ్టుల్లో పాత ఇటుకను బ్రేకర్ మెషిన్‌తో కొట్టి తీస్తారు. బుధవారం రాత్రి షెల్ శుభ్రం చేసి, బ్రిక్కింగ్ మెషిన్ నిలబెడతారు. గురువారం పగటి నుంచి శుక్రవారం రాత్రి వరకు నాలుగు షిఫ్టులు, షిఫ్టుకు ఐదు మీటర్ల చొప్పున ఇటుక పేరుస్తారు. శనివారం పగలు మెషిన్ విప్పి, చివరి తనిఖీ చేసి, తలుపులు మూసి, రాత్రి ఏడింటికి బర్నర్ వెలిగిస్తారు. ముప్పై గంటలు నెమ్మదిగా వేడి ఎక్కించాక సోమవారం తెల్లవారుజామున ఫీడ్ ఇస్తారు. మొత్తం పద్నాలుగు షిఫ్టుల లోపు పని ఇది.

ఈ వారం మొత్తాన్ని బార్‌చార్టు గీతలుగా కాక రెండు కాలాలుగా చూస్తే విషయం తేటపడుతుంది. మొదటిది కిల్న్ తిరిగే కాలం, రెండోది కిల్న్ తిరగకూడని కాలం. చల్లబడేటప్పుడు, ఇటుక కొట్టేటప్పుడు అది తిరగాలి. బ్రిక్కింగ్ మెషిన్ లోపల నిలబడ్డాక శనివారం దాకా అది అంగుళం కూడా కదలడానికి లేదు. కాబట్టి ఏ కాంట్రాక్టరు పనినైనా ముందుగా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ పనికి కిల్న్ తిరగాలా, ఆగి ఉండాలా? కిల్న్ చుట్టూ ఉండే పెద్ద పళ్ల చక్రం గర్త్ గేర్ పళ్లను ఒక్కొక్కటిగా చూడాలంటే కిల్న్ తిరగాలి, కాబట్టి ఆ తనిఖీ బృందం చల్లబరిచే షిఫ్టుల్లోనే, బ్యారింగ్ డ్రైవ్ తిప్పే వేళల్లోనే తన పని చూసుకోవాలి. సపోర్ట్ రోలర్ బేరింగు విప్పాలంటే కిల్న్ కదలకూడదు, ఆ పని గురువారానికి పోవాలి. ఈ రెండూ తారుమారైన షట్‌డౌన్‌లో గేర్ బృందం గురువారం ఉదయం వచ్చి, "ఒక్క చుట్టు తిప్పండి చాలు" అని అడుగుతుంది. ఆ ఒక్క చుట్టు కోసం మెషిన్ బయటికి తీసి మళ్లీ నిలబెట్టడానికి ఒక షిఫ్టు పూర్తిగా పోతుంది.

ఎవరి పని ఎవరి నెత్తి మీద జరుగుతోందన్నది రెండో ప్రశ్న. కిల్న్‌కు పైన ప్రీహీటర్ సైక్లోన్లు, కింద కూలర్ ఉంటాయి. సైక్లోన్లలో పేరుకున్న గడ్డలు, మీల్ అనే వేడి ముడి పొడి ఒక్కసారిగా జారితే నేరుగా కిల్న్ ఇన్‌లెట్‌లోకి వస్తాయి. అందుచేత ప్రీహీటర్ క్లీనింగ్ గ్యాంగ్ కిల్న్ చల్లబడే మూడు షిఫ్టుల్లోనే పైనుంచి కిందికి పని ముగించాలి. ఆ తర్వాత మీల్ పైపులు మూసి తాళం వేసి, ఇన్‌లెట్ దగ్గర అడ్డు పలకల డెక్ కట్టిన తర్వాతే కిల్న్‌లోకి మొదటి మనిషి అడుగు పెట్టాలి. కూలర్ వైపు లెక్క దీనికి విరుద్ధంగా ఉంటుంది. ఇటుక కొట్టినంతసేపూ చెత్త కూలర్ గొంతులోకే పడుతుంది కాబట్టి బుధవారం రాత్రి వరకు కూలర్ మొదటి గ్రేట్ మీద మనిషి ఉండకూడదు. అయినా కూలర్ కాంట్రాక్టరు అరవై మందిని సోమవారం ఉదయమే గేటు దగ్గర దించడం మామూలే, ఎందుకంటే వర్క్ ఆర్డరులో షట్‌డౌన్ మొదటి రోజు నుంచి అని రాసి ఉంటుంది. ఆ అరవై మందిలో యాభై మంది రెండున్నర రోజులు నీడ వెతుక్కుంటూ తిరుగుతారు. ఖాళీగా ఉన్నవారిని ఎవరో ఒకరు చిన్నాచితకా పనులకు లాగుతారు. తీరా బుధవారం రాత్రి అసలు పని మొదలయ్యేసరికి వారు అప్పటికే మూడు రోజులు పగలు మేలుకుని ఉంటారు. కూలర్ రాత్రి గ్యాంగు మంగళవారం వచ్చి, సేఫ్టీ ఇండక్షన్, గేట్ పాసు ముగించుకుని, బుధవారం పగలంతా నిద్రపోయి రాత్రి ఏడింటికి ఎక్కేలా వర్క్ ఆర్డరులోనే తేదీ రాయడం సరైన పద్ధతి.

వీటి మధ్య ఒక చిన్న పని ఉంది, దాన్ని తప్పు పూటలో పెడితే రోజంతా పోతుంది. కిల్న్ నుంచి క్లింకర్ కూలర్‌లోకి పడే చోట ఉండే బుల్‌నోజ్ అంచుకు, వేడిని తట్టుకునే కాంక్రీటు లాంటి క్యాస్టబుల్ పోత అది. పోత పని నాలుగైదు గంటలే, కానీ పోశాక వేడి తగలడానికి ముందు ఒక రోజంతా గట్టిపడాలి. బుధవారం రాత్రి, కిల్న్ షెల్ శుభ్రం చేస్తున్న వేళ, ఇటుకల రవాణా ఇంకా మొదలుకాకముందు పోస్తే, పైన మేస్త్రీలు పేర్చుకుంటూ పోతుండగా అది తనంతట తానే గట్టిపడుతుంది, దాని కోసం ఒక్క నిమిషం కూడా ఆగనవసరం లేదు. ఆ రాత్రి తప్పిపోతే గురువారం నుంచి ఇటుకల ప్యాలెట్లు దాని మీదుగానే వెళుతుంటాయి, కింద మనిషిని ఉంచలేం. అప్పుడది శనివారానికి జారుతుంది, బర్నర్ వెలిగించడం ఆదివారం సాయంత్రానికి జారుతుంది. చార్టులో ఐదు గంటల చిన్న గీతగా కనిపించే పని ఇరవై నాలుగు గంటల ఉత్పత్తిని మింగుతుంది. అందుకే షిఫ్టు ప్లాన్ రాసేటప్పుడు ఒక పనికి పట్టే గంటలతో పాటు, ఆ పని తర్వాత ఎవరూ ముట్టుకోకుండా ఎంతసేపు వదిలేయాలో కూడా రాయాలి.

ఇక పన్నెండు గంటలే ఎందుకు అన్న విషయం. ఎనిమిది గంటల మూడు షిఫ్టులు పెడితే మూడు పూర్తి గ్యాంగులు కావాలి. రింగు కట్టడంలో చెయ్యి తిరిగిన మేస్త్రీలు అంతమంది ఒకేసారి దొరకడం కష్టం. పైగా ఏడు రోజుల్లో పద్నాలుగు అప్పగింతలకు బదులు ఇరవై ఒకటి చేయవలసి వస్తుంది. కిల్న్ లోపలి పనిలో ఒక్కో షిఫ్టు మార్పుకు మనుషుల లెక్క, పర్మిట్ పునరుద్ధరణ, గ్యాస్ పరీక్ష, అప్పగింత అన్నీ కలిసి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఆ మేరకు పన్నెండు గంటల పద్ధతికి లాభం ఉంది. కానీ పన్నెండు గంటలంటే పన్నెండు గంటల పని కాదు. అప్పగింత, భోజనం, టీ విరామాలు తీసివేస్తే కిల్న్ లోపల చేతికి వచ్చేది పది గంటలు. ప్లాన్‌లో పన్నెండు గంటల చొప్పున లెక్కగట్టినవారు ప్రతి షిఫ్టులోనూ రెండు గంటలు వెనకబడుతూ, ఆ వెనకబాటును మేస్త్రీల బద్ధకంగా చదువుకుంటారు.

చట్టం వైపు నుంచి కూడా ఇది ఉచితంగా దొరికే వెసులుబాటు కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు తొమ్మిది, వారానికి నలభై ఎనిమిది గంటల పరిమితి పెట్టింది. ఏడు రోజులు పన్నెండు గంటల చొప్పున చేస్తే ఎనభై నాలుగు గంటలవుతుంది. ఆ చట్టంలో అత్యవసర మరమ్మతులకు మినహాయింపుల దారి ఉండేది గానీ, అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఇవ్వాలన్న నియమం అందులోనూ ఉండేది, 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఉంది. టన్ను ఇటుకకు ఇంత అని రేటు కట్టిన కాంట్రాక్టుల్లో ఈ గంటల లెక్క మస్టరు రోల్‌లోకే రాదు. అలాంటి రేటు మీద పనిచేసే గ్యాంగుకు అప్పగింత కోసం వెచ్చించే ప్రతి నిమిషమూ కూలి పోయిన నిమిషమే, కాబట్టి అది అప్పగింతను కుదిస్తుంది. షిఫ్టు మార్పు సమయానికి విడిగా చెల్లింపు ఉన్న కాంట్రాక్టులో ఈ బేరం తలెత్తదు.

గురువారం పగలు పేర్పు మొదలయ్యాక వేగాన్ని నిర్ణయించేది ప్యాలెట్. షిఫ్టుకు ఐదు మీటర్లంటే సుమారు 43 టన్నులు. ప్యాలెట్‌కు ఒక టన్ను చొప్పున, పది పని గంటల్లో 43 ప్యాలెట్లు వెళ్లాలంటే దాదాపు పద్నాలుగు నిమిషాలకొకటి హుడ్ తలుపు దాటాలి. బర్నర్ ప్లాట్‌ఫారం మీదికి ఇటుకలు ఎత్తే హాయిస్ట్‌ను కూలర్ ఫిట్టర్లు గ్రేట్ ప్లేట్ల కోసం ఒక అరగంట అడిగి తీసుకున్నారంటే రెండు ప్యాలెట్లు ఆగాయి, అంటే దాదాపు పావు మీటరు, ఒక రింగుకు పైనే పోయిందన్నమాట. పగలు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు ఇలా జరిగితే రోజుకు మీటరు పోతుంది. ఎవరూ గొడవపడరు, ఎవరూ రాసుకోరు, శనివారం ఉదయం చూస్తే రెండు మీటర్లు మిగిలి ఉంటాయి. దీనికి మందు కొత్త మనుషులు కాదు, కూలర్ సామానంతా బుధవారం రాత్రే పైకి చేర్చి పెట్టడం, ఆ తర్వాత నాలుగు షిఫ్టులూ హాయిస్ట్‌ను ఇటుక పని చూసే రిఫ్రాక్టరీ సూపర్‌వైజర్ పేరు మీదే ఉంచడం.

రాత్రి షిఫ్టులో ఏ పని పెట్టాలన్న దానిపై ప్లాంట్లలో ఒక అలవాటు ఉంది: క్రేన్ పనులు, ఎత్తు పనులు పగటికి, ఒకే తరహాలో సాగే పనులు రాత్రికి. మొదటి సగం నిజమే. రెండో సగాన్ని జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఇటుక పేర్పు పైకి ఒకే తరహాలో సాగుతున్నట్టు కనిపించినా ప్రతి రింగులోనూ ఒక్క క్షణం చాలా కీలకం. పైన చివరి ఖాళీలో కీ ఇటుకలు బిగించి రింగు మూసే క్షణం అది. తెల్లవారుజామున మూడు, ఐదు గంటల మధ్య శరీరం నిద్రకు లొంగే వేళలో మేస్త్రీ సరైన కీ ఇటుక ఎంచుకోవడానికి బదులు ఉక్కు షిమ్ రేకులు కొట్టి బిగించేస్తాడు. రింగు ఆ పూటకు నిలబడుతుంది. వేడెక్కి, చల్లారి, రెండు మూడు సార్లు ఆగి మొదలయ్యాక వదులై తిరగడం మొదలుపెడుతుంది, ఆరు నెలలు నడవవలసిన లైనింగ్ రెండు నెలలకే షెల్ మీద ఎర్రటి మచ్చ చూపిస్తుంది. దీన్ని కనిపెట్టడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. ప్రతి షిఫ్టు చివర మేస్త్రీ ఎక్కడ ఆపాడో షెల్ మీద చాక్‌పీసుతో గీత గీసి షిఫ్టు నంబరు రాస్తారు. పగటి ఇంజనీరు టార్చి పట్టుకుని ఆ రెండు గీతల మధ్య ఉన్న పాతిక రింగుల్లో షిమ్‌లు లెక్కపెడితే చాలు. ఒకే సందులో రెండు షిమ్‌లు, పక్కపక్క సందుల్లో వరుసగా షిమ్‌లు, ముఖం సమంగా లేక మెలి తిరిగిన రింగు కనిపించాయంటే ఆ భాగం తెల్లవారుజామున కట్టిందేనని దాదాపు చెప్పవచ్చు. రాత్రి మూడింటికి పావుగంట టీ విరామం తప్పనిసరి చేసి, ఆ తర్వాత రెండు గంటలు కీ బిగించే మేస్త్రీని మార్చే ప్లాన్‌కు అయ్యే ఖర్చు అర మీటరు కూడా ఉండదు.

ఒక గ్యాంగును మధ్యలో రాత్రి నుంచి పగటికి మార్చడం మరో తప్పు. న్యాయంగా ఉంటుందని బుధవారం వరకు రాత్రి చేసినవారిని గురువారం పగలుకు తిప్పుతారు. వారికి నిద్ర కుదరడానికి పట్టే మూడు నాలుగు రోజుల్లో షట్‌డౌనే అయిపోతుంది. రాత్రి గ్యాంగు మొదటి నుంచి చివరి వరకు రాత్రి గ్యాంగుగానే ఉండాలి, దానికి తగ్గట్టు క్యాంపులో పగలు చీకటిగా, చల్లగా ఉండే గది ఉండాలి. క్యాంపు ప్లాంట్ నుంచి గంట దూరంలో ఉంటే పన్నెండు గంటల షిఫ్టు పద్నాలుగు గంటలవుతుంది, స్నానం, భోజనం పోను నిద్రకు ఏడు గంటలు కూడా మిగలవు.

ఇప్పుడు షిఫ్టు మారే గంటకు వద్దాం. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద జరిగింది ఈ గంటకు సంబంధించినదే. ఒక కండెన్సేట్ పంపు సేఫ్టీ వాల్వును కాంట్రాక్టు మనుషులు పగటి షిఫ్టులో విప్పి తీశారు. సాయంత్రానికి పని పూర్తి కాకపోవడంతో ఆ పైపు చివర తాత్కాలికంగా మూత బిగించారు. పని మిగిలి ఉందన్న సంగతి రాత్రి షిఫ్టుకు నోటి మాటగా చేరలేదు, రెండో పంపు ఆగిపోయినప్పుడు వారు వాల్వు తీసి ఉన్న ఆ మొదటి పంపును నడిపించారు. 167 మంది చనిపోయారు. పర్మిట్ కాగితం ఉన్నప్పటికీ, దాన్ని పట్టుకున్న మనిషి తర్వాతి మనిషితో మాట్లాడకుండా వెళ్లిపోవడమే అక్కడి లోపం.

కిల్న్ షట్‌డౌన్‌లో ఇదే లోపం చిన్న రూపంలో రోజూ కనిపిస్తుంది. పని జరుగుతుండగా కిల్న్ తిరగకుండా ప్రతి బృందమూ తన తాళం వేసే బ్యారింగ్ డ్రైవ్ లాక్‌బాక్స్ మీద రిఫ్రాక్టరీ, వెల్డింగ్, కూలర్, ఎలక్ట్రికల్ బృందాల తాళాలు పది పన్నెండు వేలాడుతుంటాయి. బుధవారం పగటి షిఫ్టు ముగిసే వేళ ఇటుక చెత్త రాల్చడానికి కిల్న్ పావు చుట్టు తిప్పాలి, అన్ని తాళాలూ తీశారు, ఒక్క ఎర్ర తాళం మిగిలిపోయింది, దాని మనిషి క్యాంపు బస్సులో వెళ్లిపోయాడు. అతన్ని వెనక్కి పిలిపించి, లోపల ఎవరూ లేరని తేల్చి, తాళం తీసేసరికి గంటన్నర. తాళం పగలగొట్టే అధికారం ఎవరికుందో ముందుగా రాసి లేని చోట రెండు గంటలు. గ్యాంగు బస్సు కదిలే ముందు లాక్‌బాక్స్ దగ్గరే తలల లెక్క పెట్టడం అనే చిన్న మార్పుతో ఇది ఆగిపోతుంది.

మరో వైపు, కిల్న్ పరిసరాలు మొత్తం ఖాళీ అయ్యే వేళ రోజుకు రెండుసార్లే వస్తుంది. కిల్న్ తిప్పడం, వేస్ట్ హీట్ బాయిలర్ వెల్డింగులకు రేడియోగ్రఫీ తీయడం, భారీ సామాను నెత్తి మీదుగా ఎత్తడం వంటి, అందరూ పక్కకు తప్పుకోవలసిన పనులన్నీ ఈ గంటలోకే రావాలి. మధ్యాహ్నం మూడింటికి రేడియోగ్రఫీ పెడితే చుట్టూ ఉన్న నాలుగు గ్యాంగులు ముప్పావు గంట బయట నిలబడతాయి, ఏడింటికి పెడితే ఎవరి సమయమూ పోదు. అయితే ఇక్కడ ఒక ఘర్షణ ఉంది: అప్పగింత జరగవలసింది పని చోట, ముఖాముఖిగా, అసంపూర్ణంగా ఉన్న రింగు ముందు నిలబడి. అదే గంటలో ఆ చోటు ఖాళీగా ఉండాలంటే రెండూ కుదరవు. దీనికి పనికొచ్చే ఏర్పాటు సూపర్‌వైజర్లను గ్యాంగు కంటే గంట ముందుగా మార్చడం. ఆరింటికి కొత్త సూపర్‌వైజర్ లోపలికి వెళ్లి, పాత సూపర్‌వైజర్‌తో కలిసి రింగులు, షిమ్‌లు, మెషిన్ స్థితి చూసుకుంటాడు, ఏడింటికి గ్యాంగు బయటికొస్తుంది, ఏడున్నర వరకు రేడియోగ్రఫీ, ఆ తర్వాత కొత్త గ్యాంగు లోపలికి వెళ్తుంది. మనుషులందరూ ఒకే నిమిషంలో మారిపోయే షిఫ్టు కంటే, విషయం తెలిసినవాడు ఒకడు ఎప్పుడూ అక్కడ ఉండే షిఫ్టు మేలు. కిల్న్‌తో సంబంధం లేని మిల్లు, ప్యాకింగ్ విభాగాల గ్యాంగులను ఆరింటికో ఎనిమిదింటికో పెడితే గేటు, పర్మిట్ ఆఫీసుల దగ్గర తోపులాట కూడా తగ్గుతుంది.

అనుకోని పని వచ్చినప్పుడు ఈ అమరిక ఎలా నిలబడుతుందో చూడాలి. బుధవారం మధ్యాహ్నం ఇటుక తీశాక, బర్నర్ వైపు చివరైన అవుట్‌లెట్ నుంచి 17 మీటర్ల దగ్గర, కిల్న్‌ను రోలర్ల మీద మోసే ఉక్కు వలయమైన టైర్ పక్కన షెల్ మీద అర మీటరు పగులు బయటపడిందనుకుందాం. పగులు మొదలూ చివరా తేల్చి, గాడి తీసి, ముందుగా వేడి చేసి, వెల్డు నింపి, పరీక్షించడానికి ఒక షిఫ్టు కావాలి. దీన్ని చూడగానే పేర్పును ఒక షిఫ్టు వెనక్కి జరపాలనిపిస్తుంది. కానీ పేర్పు అవుట్‌లెట్ వైపు నుంచి మొదలై షిఫ్టుకు ఐదు మీటర్లు నడుస్తుంది, 17 మీటర్లు చేరేది శుక్రవారం రాత్రి. అలాగని వెల్డింగును శుక్రవారం వరకు వాయిదా వేయడమూ తప్పే, ఎందుకంటే మేస్త్రీలు ఒక వైపు, వెల్డింగు పొగ మరో వైపు ఒకే గొట్టంలో ఉంటారు. బుధవారం రాత్రి, షెల్ శుభ్రం చేసే షిఫ్టులోనే వెల్డర్లను దించి, శుభ్రం చేసే గ్యాంగును అవుట్‌లెట్ వైపే ఉంచి, పగులు పరీక్షను గురువారం ఉదయం ఏడు గంటల ఖాళీలో పెడితే, వెల్డు తప్పినా మళ్లీ గురువారం సాయంత్రం ఏడింటి ఖాళీ ఒకటి చేతిలో ఉంటుంది.

శనివారం రాత్రి ఏడింటికి బర్నర్ వెలిగించే మనుషుల గురించి ప్లాన్‌లో చివరి వరకు ఆలోచించరు. వారమంతా పగలూ రాత్రీ కాంట్రాక్టర్ల వెంట తిరిగిన ప్లాంటు ఇంజనీర్లు, ఆపరేటర్లే సాధారణంగా ఆ రాత్రి కంట్రోల్ రూంలో కూర్చుంటారు. 2005 మార్చి 23న టెక్సాస్ సిటీ రిఫైనరీలో మరమ్మతుల తర్వాత ఒక యూనిట్‌ను తిరిగి నడిపిస్తుండగా పేలుడు జరిగి 15 మంది చనిపోయారు. అక్కడి ఆపరేటర్లు 29 రోజులు లేదా అంతకు పైగా వరుసగా పన్నెండు గంటల షిఫ్టులు చేసి ఉన్నారని దర్యాప్తు బోర్డు నమోదు చేసింది. కిల్న్‌ను వేడి చేయడంలో గంటకు ఇన్ని డిగ్రీలు అన్న క్రమం తప్పకూడదు, ఆ క్రమం ప్రకారమే నిర్ణీత వ్యవధుల్లో తిప్పుతూ ఉండాలి, మంట ఆరితే మళ్లీ వెలిగించే ముందు లోపలి గ్యాసును పూర్తిగా వదలాలి. ఈ ముప్పై గంటలకు కావలసిన మూడు బ్యాచుల ఆపరేటర్లను గురువారం నుంచే షట్‌డౌన్ విధుల నుంచి తప్పించి, శుక్రవారం, శనివారం ఇంట్లో నిద్రపోనివ్వడానికి బార్‌చార్టులో ఒక గీత కావాలి. ఆ గీతను సోమవారం ఉదయం, కిల్న్ ఇంకా ఎర్రగా ఉన్నప్పుడే గీయాలి.